ఎండలో ఆరబెట్టిన మనిషి

మా తమ్ముడు పలకడం లేదన్న మాట నాకు మొదట తెచ్చింది మా ఊళ్లో అంట్లు తోమే అవ్వ. కోసిగి దగ్గర మా ఊరి అమ్మవారి జాతర, దేవర జరుగుతున్న రోజు, మిట్టమధ్యాహ్నం. అమ్మవారికి పొట్టేలు కొట్టాక, నేను షామియానా కింద చుట్టాలకు వడ్డిస్తున్నాను. అవ్వ చేతులకు ఇంకా అంట్ల బూడిద ఉంది.

"మీ తమ్మున్ని సూడు తల్లీ. పిలిస్తే పలకల్యా. ఒళ్లు పెనం మాదిరి కాలతాంది. చెమట సుక్క లేదు" అంది.

గుడి వెనక చేలో నీడ లేదు. మగవాళ్లు పొద్దున్నుంచీ అక్కడే తాగుతున్నారు. బీరు చలువ అని వాళ్ల నమ్మకం. పక్కనే నీళ్ల బిందె ఉన్నా, దాహమైతే ఇంకో సీసా తీసేవారు. మాటిమాటికీ లేచి కంపచెట్ల చాటుకు పోయి వచ్చేవారు. తమ్ముడు తూలడం మొదలుపెట్టాక మా ఆయన వాడి తలకు నిమ్మకాయ రుద్ది బండ మీద పడుకోబెట్టాడట. బామ్మర్దిని ఏడిపించడం ఆయనకు సరదా. "చెమట పడితే తాగింది దిగుతాది. ఆడనే ఆరనీ" అన్నాడట. "ఇల్లు యాడుండాది బావా" అని వాడు అడిగితే అందరూ నవ్వారట.

అవ్వ ఊరుకోలేదు. గిన్నెలు కడిగే నీళ్లు తెచ్చి వాడి మీద పోసింది. "ఏమవ్వా, అల్లున్ని చేసుకుంటావా?" అని ఒకడు ఎగతాళి చేశాడట. టాంకరు నీళ్లు వృథా చేస్తావా అని మా ఆయన ఆమెను తరిమాడు. అప్పుడే నా దగ్గరికి వచ్చింది.

ఇద్దరం వాణ్ని షామియానా కిందికి ఈడ్చుకొచ్చాం. తడిగుడ్డలు కప్పి, చేటతో విసిరాం. అంబులెన్సు వచ్చింది. వాడు సాయంత్రానికి ఆసుపత్రిలో పోయాడు.

తాగుడు ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి తోస్తుందని, ఎండ మిగిలినదాన్ని చెమటగా తీస్తుందని, నీరు తగ్గితే ఒంట్లో వేడి పోయే దారి మూసుకుపోతుందని డాక్టరమ్మ చెప్పింది. దాహమూ ఎండా తెలియకుండా మత్తు చేస్తుందట. వడదెబ్బ తగిలినవాడి మాట కూడా తాగినవాడి మాటలాగే తడబడుతుందట.

"ఎంతసేపు ఎండలో ఉన్నాడు?" అని మా ఆయన్ని అడిగింది. ఇప్పటికీ ఆయన ఆ లెక్క చెప్పలేదు.

ఊరు మాత్రం ఒక కారణం వెతుక్కుంది. దేవర నాడు ఎంగిలి నీళ్లు మీద పోసినందుకే అమ్మవారు ఆగ్రహించిందన్నారు. అవ్వను మళ్లీ ఏ ఇంటి పనికీ పిలవలేదు. నేను పిలిస్తే ఆమే రానంది. తనవల్ల నాకూ చెడ్డపేరొస్తుందని భయపడింది.

అమ్మవారు కోపంతో కాదు, ఆ నీళ్ల రూపంలోనే వచ్చిందని నేను నమ్ముతాను. అంతమందిలో వాడి ఒంటి మీద చెయ్యి వేసి చూసింది అవ్వ ఒక్కతే. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, వీలైతే, ఆ అవ్వను ఒక్కసారి తలుచుకోండి.