ఎక్కడిదో ఒక అరవై

భవానీపురం నుంచి బస్సులో కాలేజీకి వచ్చే మార్తకు ఫిజిక్సులో ఒకే విద్య వచ్చు: వెనక పేజీలో జవాబు చూసుకుని, లెక్కను ఎలాగోలా అక్కడికి ఈడ్చుకుపోవడం. డిగ్రీ రెండో ఏడు దాకా ఆ విద్యతోనే నెట్టుకొచ్చింది.

ఈసారి అసైన్‌మెంటులో మోటారు లెక్క పడింది. నిమిషానికి పన్నెండు వందల లీటర్ల నీళ్లు పదిహేను మీటర్ల పైనున్న హాస్టలు ట్యాంకుకి ఎక్కించాలంటే ఎన్ని హార్స్‌పవర్ కావాలి? అట్ట ఊడిపోయిన ఆమె పాత గైడులో జవాబు 236. మార్తకు నాలుగు కూడా రాలేదు. అరవైతో గుణిస్తే సరిపోయింది కాబట్టి గుణించేసింది.

లెక్చరర్ మల్లికార్జునరావు గారు సంతకం పెడితేనే ప్రాక్టికల్స్‌కి కూర్చోనిస్తారు. ఆయన పెన్ను అరవై దగ్గర ఆగింది.

"ఇదెక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"అవసరం కొద్దీ వచ్చిందండీ."

"సంతకం తర్వాత. కూర్చుని ఒక్కో మెట్టూ యూనిట్లతో రాయి."

రాసింది. లీటరు నీళ్లంటే కిలో, కాబట్టి సెకనుకి ఇరవై కిలోలు. 9.8తో గుణిస్తే ఆ నీళ్ల బరువు 196 న్యూటన్లు. పదిహేను మీటర్లు ఎత్తితే సెకనుకి 2940 జౌల్స్, అంటే అన్ని వాట్లు. 746తో భాగిస్తే 3.94 హార్స్‌పవర్. అరవైకి ఎక్కడా చోటు లేదు.

"గైడే తప్పండీ. ఎవడో నిమిషాన్ని సెకన్లలోకి మార్చకుండా, ట్యాంకుకి రెండొందల చిల్లర గుర్రాల్ని కట్టేశాడు."

ఆయన సంతకం పెట్టి, పెన్ను మూత బిగించారు.

"ఆ ఎవడో నేనేనమ్మా. మిగిలిన కాపీలు అమ్ముడయ్యేదాకా బయట చెప్పకు."

"అలాగేనండీ" అంది మార్త. ఆమె బస్సెక్కేసరికి క్లాసులో సగం మంది గుర్రాల్లా సకిలిస్తున్నారు.