గీత దాటిన ఎరుపు

మా మేనత్తకు నీటికాసుల జబ్బు. ముంబై కామాటిపురాలో, వరసగా ఒంటి గదుల కాపురాలుండే చాల్‌లో మా పక్క ఖోలీయే, అంటే మా పక్క గదే ఆమెది. పోయిన చూపు తిరిగి రాదని నాగ్‌పాడాలోని డాక్టరు తేల్చి చెప్పేశాడు. మిగిలిన కాస్త చూపులో ముదురు రంగులు మాత్రం, దగ్గరగా పెడితే ఆనేవి.

ముంబై తెలుగు చాళ్ల మీద ఒక చానల్ అరగంట కార్యక్రమం తీయించింది. వర్లిలోని చిన్న స్టూడియోలో దాన్ని ఎడిట్ చేసి రంగులు సరిచేసే పని నాకొచ్చింది. అందులో మా చాల్ ఆడవాళ్లు బతుకమ్మ పాడే షాట్ ఉంది. కింది నల్లా దగ్గర ఎనిమిది మంది గోడకు ఆనుకుని ఇరుకిరుకుగా కూర్చున్నారు. పాట ఎత్తుకునేది మా అత్తే. అందరివీ ఎర్ర చీరలే, కానీ ఏ ఎరుపు ఆ ఎరుపే. ఒకరిది ఇటుక రంగు, ఒకరిది మందారం. అత్తది కుంకుమ.

"టీవీల నన్ను నేను ఒక్కపారి చూసుకుంట బేటా," అంది. "అందరినీ పిలుస్త. నా చీర రంగు మాత్రం కమ్మీ చెయ్యకు, అది లేకుంటే నాకు నేను దొరుకనే దొరుక."

కమ్మీ చేయడమా! నేను ఆమె కోసం రంగుల గాఢతను రెట్టింపు చేశాను. దుమ్ముపట్టిన గోడ ముందు చీరలు భగ్గుమన్నాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

చానల్‌కు పంపే వీడియోలో రంగులకూ ఒక హద్దు ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఏదీ పై గీత దాటకూడదు, కింది గీత కిందికి జారకూడదు. దాటితే తనిఖీలో వెనక్కి కొడతారు. అందుకే లిమిటర్ అనే అడ్డుకట్ట వేస్తాం. అదీ వేశాను. కానీ వేసిన చోటే తప్పు. లిమిటర్ ఒక్కో షాట్ మీద ఉంది, గాఢత పెంచింది వాటన్నిటి పైన పరిచిన పొరలో. అంటే రంగు ముందు కట్టకు లోబడి, ఆ తర్వాత పొంగింది. గేటు మూసి గోడ పడగొట్టినట్టు. పైగా నేను చూసుకున్నది వెలుగు గ్రాఫ్ ఒక్కటే. గాఢత పెంచినా వెలుగు అంతగా కదలదు కాబట్టి అది సున్నాకీ నూటికీ మధ్య బుద్ధిగా కూర్చుంది. మూడు రంగులనూ విడివిడిగా చూపే గ్రాఫ్ తెరిచి ఉంటే ఎరుపు పైకప్పు ఎక్కి కూర్చోవడం కనబడేది. పదిహేనేళ్ల అనుభవం ఏ గంగలో కలిసిందో!

ప్రసారానికి ముందు రోజు మధ్యాహ్నం చానల్ దాన్ని తిప్పి పంపింది. రెండు గంటల్లో సరిచేసి ఇవ్వకపోతే ఆ సమయంలో వేరే కార్యక్రమం వేస్తామన్నారు. షాట్ షాట్‌కూ ఎరుపు మాత్రమే పట్టుకుని తగ్గించాలంటే రోజు పడుతుంది. పోనీ పెంచిందంతా తగ్గిద్దామంటే అత్త మాట గుర్తొచ్చింది. లిమిటర్‌ను అన్నిటికంటే పైకి, చివరికి మార్చాను. గీత దాటినదంతా గీత దగ్గరే తెగిపోయింది. తనిఖీలో పాసైంది. ఊపిరి పీల్చుకున్నానే గానీ ఆ షాట్‌ను మళ్లీ కళ్లు పెట్టి చూడలేదు.

ఆదివారం పొద్దున అత్త ఖోలీ నిండిపోయింది. ఫాక్‌లాండ్ రోడ్డు వైపు కిటికీ మూయించి, అత్త టీవీకి జానెడు దూరంలో కూర్చుంది. ఒంటి మీద ఆ కుంకుమ చీరే.

షాట్ వచ్చింది. ఇటుక లేదు, మందారం లేదు, కుంకుమ లేదు. పెంచిన రంగులన్నీ ఒకే గీతకు తగిలి ఒకే ఎరుపై కూర్చున్నాయి. చీరల మడతలు కూడా చదునైపోయాయి. గోడ పొడవునా ఒకటే ఎర్ర ముద్ద, దాని మీద ఎనిమిది చిన్న తలకాయలు.

"పాట నాదే," అంది అత్త. ముఖం ఇంకా దగ్గరికి జరిపింది. "నేనేడున్న రా?"

గబుక్కున ఆమె వేలు పట్టుకుని తెర మీద ఒకచోట పెట్టాను.

"ఇదా నేను?" అని ఆ గాజును మెల్లగా తడిమింది.

"అవునత్తా."

వెనక నుంచి పక్కింటి వదిన అంది. "అది నేను కద! అత్త ఇటు పక్కకున్నది."

వేలు జరిపేలోపే షాట్ మారిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. నేను ఏ రంగూ ముట్టుకోకుండా వదిలేసి ఉంటే, ఆమె తన కుంకుమను తానే వెతుక్కునేది.

వారం తర్వాత, పెంచని అసలు షాట్‌ను లాప్‌టాప్‌లో తీసుకెళ్లాను. అందులో ఎనిమిది చీరలూ ఎనిమిది రంగుల్లో ఉన్నాయి. అత్త తల అటు తిప్పుకుంది.

"ఇప్పుడెందుకు బేటా," అంది. "ఇప్పుడు అందరు లేరు కద."