జవాబివ్వని పన్నెండు రాత్రులు

ఖర్చు రాసుకునేవాళ్లంటే మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది. పిసినారి, లేదంటే పొదుపు మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి. నేను చెప్పబోయే ఆవిడ రెండూ కాదు. చెప్పులు తెగేదాకా ఆగదు, నచ్చితే రెండు జతలు కొంటుంది. ఆవిడకు కావలసింది పొదుపు కాదు, ఒకే ఒక్క అంకె.

కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. డెంటిస్టుల దగ్గరి నుంచి నోటి అచ్చులు వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి, మైనం మీద పళ్లు పేర్చి, సెట్టు తయారయ్యాక నున్నగా పాలిష్ పెట్టి పంపడం ఆవిడ పని. ల్యాబ్‌లో అందరికీ ఆవిడ పళ్లక్క. ఇన్నేళ్ల తర్వాత ఆవిడకో కోరిక పుట్టింది. జీతం మానేసి, సొంతంగా ఒక గది, ఒక బల్ల, ఒక పాలిష్ మోటారు పెట్టుకుని డెంటిస్టుల దగ్గర నేరుగా ఆర్డర్లు తీసుకోవాలని. మోటారు వగైరాలకు వేరే డబ్బు తీసిపెట్టుకుంది. అవి పోను బ్యాంకులో తొంభై ఆరు వేలున్నాయి. లిఫ్టులు బాగుచేసే భర్త నెలకు పద్నాలుగు వేలు తెస్తాడు. మరి ఆర్డర్లు ఊపందుకునేదాకా ఇల్లు ఎన్ని నెలలు నిలబడుతుంది? అది తెలియాలంటే నెలకు ఎంత ఖర్చవుతోందో తెలియాలి. పద్నాలుగేళ్ల సంసారంలో ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చాలా ఇళ్లలో తెలియదు. మనకు తెలుసనుకుంటాం, అంతే.

దారి చూపింది చెల్లెలు. ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది, నోరు పెద్దది. అక్క ఫోన్‌లోని ఏఐ సహాయకుడికి ఒక పని పురమాయించింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఖర్చులు అడగాలి. చెప్పినవాటిని రకాలవారీగా సర్దుకోవాలి. ఒక్క వాక్యంలో మొత్తం చెప్పాలి. నెలాఖరున రకాలవారీగా చిట్టా ఇవ్వాలి.

"అంతేనా? నీతులు చెప్పదు కదా?" అంది పళ్లక్క.

"చెప్పొద్దన్నానులే. ఒక్క లైను దాటితే మా అక్క చదవదని కూడా చెప్పా."

ఆ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ అడిగింది: "ఈరోజు ఖర్చులు చెప్పండి." ఆవిడ కొట్టింది: "కూరలు 90 బస్సు 40 మందులు 210". జవాబు వచ్చింది: "ఈరోజు 340, ఈ నెల ఇప్పటికి 8,340." అద్దె ఎనిమిది వేలు అంతకుముందే రాసింది. అదీ సంగతి. పొగడ్త లేదు, మందలింపు లేదు. పళ్లక్కకు నచ్చింది.

నెల తిరిగింది. చిట్టా వచ్చింది. మొత్తం ఇరవై రెండు వేలు.

భర్త కంచం ముందు కూర్చునే లెక్క కట్టేశాడు. "ఇరవై రెండుకి గది అద్దె నాలుగు కలుపు. నా జీతం తియ్యి. పన్నెండు. తొంభై ఆరులో పన్నెండు ఎన్నిసార్లు? ఎనిమిది! ఎనిమిది నెలలు బాబూ! ఇంకేం ఆలోచిస్తావు? ఆదివారం వెళ్లి అడ్వాన్సు ఇచ్చేద్దాం."

గది అప్పటికే చూసి పెట్టుకున్నారు. మెయిన్ రోడ్డు మీద, కిటికీకి మంచి వెలుతురు. ఆదివారంలోగా చెప్పకపోతే ఇంకొకరికి ఇస్తానన్నాడు గది ఓనరు.

మర్నాడు ల్యాబ్‌లో టీ తాగుతూ పళ్లక్క ఆ చిట్టా మళ్లీ తీసింది. పళ్ల సెట్టును చూసినట్టే చూసింది. అంటే అందాన్ని కాదు, ఎక్కడ ఎత్తుగా ఉంది, ఎక్కడ పల్లంగా ఉంది అని. ప్రయాణం దగ్గర చూపు ఆగిపోయింది. ప్రయాణం 560.

రోజూ పనికి రాను ఇరవై, పోను ఇరవై. నెలలో ఇరవై ఆరు రోజులు వచ్చింది, ఒక్క సెలవు పెట్టలేదు. వెయ్యి దాటాలి కదా! ఐదువందల అరవై అంటే పద్నాలుగు రోజులే. మిగతా పన్నెండు రోజులు నడిచి వచ్చిందా? పైగా ఆటో ఖర్చు ఒక్కసారి కూడా లేదు. ఓవర్‌టైమ్ చేసిన రాత్రి బస్సు దొరకదు, ఆటో తప్పదు.

ఫోన్‌లోనే అడిగింది: "నేను చెప్పని రోజులను ఏం చేశావు?"

"పన్నెండు రోజులకు మీ జవాబు రాలేదు. ఆ రోజులకు ఏమీ కలపలేదు. మొత్తంలో ఉన్నవి మీరు చెప్పిన ఖర్చులు మాత్రమే."

తేదీలు అడిగితే వరసగా ఇచ్చింది. పన్నెండూ ఓవర్‌టైమ్ రాత్రులే. తొమ్మిదింటికి ఫోన్ సంచిలో మోగుతుంటే ఆవిడ చేతులు మైనంలో ఉంటాయి. ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనం. మంచం ఎక్కడమే తరువాయి. అలసిపోయి రాయలేని రోజే మనిషి ఎక్కువ ఖర్చుపెడతాడన్నది ఎంత మామూలు విషయం! వంట చేసే ఓపిక ఉండదు, నడిచే ఓపిక ఉండదు. ఆ ఓపిక లేనితనాన్ని డబ్బుతో పూడుస్తాం. తర్వాత దాన్ని రాసే ఓపిక కూడా ఉండదు.

ఫోన్ తప్పేమీ చెయ్యలేదు. చెప్పింది కూడింది. సున్నాకూ జవాబు లేకపోవడానికీ తేడా చూపమని ఎవరూ దానికి చెప్పలేదు.

ఆ సాయంత్రమే చెల్లెల్ని కూర్చోబెట్టి మార్పించింది. ఖర్చు లేకపోతే తాను సున్నా అని కొడుతుంది. ఏమీ కొట్టకపోతే అది సున్నా కాదు, రాయని రోజు. రాత్రి జవాబు రాకపోతే పొద్దున ఏడింటికి, తాను బస్సులో ఉన్నప్పుడు, మళ్లీ అడగాలి. నెల చిట్టాలో మొట్టమొదటి వాక్యంలోనే రాయని రోజులెన్నో చెప్పాలి.

"అక్కా, ఇంకో నెల ఆగితే గది పోతుందే."

"పోతే పోనీ."

"అంత వెలుతురు గది మళ్లీ దొరుకుతుందా?"

"వెలుతురుకి దీపం పెట్టుకుంటా. డబ్బు అయిపోయాక ఏం పెట్టుకోను?"

భర్తకు మాత్రం మింగుడు పడలేదు. "అందరూ ధైర్యం లేక ఆగిపోతారు. నువ్వు లెక్క తేలక ఆగిపోతున్నావు. కాస్త మొండిగా దూకవే!"

"దూకుతా. నీళ్లెంత లోతో చూసి దూకుతా. అన్నట్టు, ఈరోజు మీరెంత ఖర్చుపెట్టారు?"

"నేనా? నాదెందుకు?"

"మీరు ఈ ఇంట్లోవారు కారా?"

ఆయన మొహం చూడాలి. నెల చిట్టాలో తన ఖర్చు పైసా కూడా లేదన్న సంగతి అంతవరకు ఆయనకు తట్టనే లేదు. "టీలు ఓ అరవై... సిగరెట్లు ఓ... నన్ను లెక్కలడగడానికి నువ్వేమైనా ఆడిటరువా?"

"ఆడిటర్ని కాదు. ఎంతో చెప్పండి, ఎందుకో అడగను."

ఆ మాటకు కట్టుబడింది కూడా. అందుకే ఆయన చెప్పాడు. ఫోన్ టీ అరవైని తిండి కింద వేయబోతే, ఆయన చెప్పేవన్నీ 'ఆయనవి' అన్న రకం కిందే వేయమంది. ఆ తర్వాత రాత్రిళ్లు ఆయన గుమ్మంలో అడుగుపెడుతూనే "ఆడిటరమ్మా, ఈరోజు నూట పది, రాసుకో" అని అరిచేవాడు. వారం తిరిగేసరికి ఆ ఎగతాళి అలవాటైపోయింది.

ఆదివారం గడిచింది. గది ఇంకెవరో తీసుకున్నారు. ఆ వీధిలోంచి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా పళ్లక్క ఆ కిటికీ వైపు చూసేది. చూడలేదని చెబితే అబద్ధం.

నెల పూర్తయింది. చిట్టా ఇలా మొదలైంది: "రాయని రోజులు లేవు. మొత్తం 29,400." కింద వరసగా ఉన్నాయి. అద్దె 8,000, సరుకులు 7,900, బయటి తిండి 3,640, ఆయనవి 3,100, కరెంటూ గ్యాసూ ఫోనూ 2,350, ప్రయాణం 1,520, మందులు 1,150, ఇతరాలు 1,740.

గది అద్దె కలిపి, జీతం తీస్తే నెలకు పంతొమ్మిది వేల నాలుగువందలు. ఎనిమిది నెలలనుకున్నది ఐదు నెలలకు కూడా చాలదు. డెంటిస్టులు మొదటి డబ్బులు చేతికిచ్చేసరికి మూడు, నాలుగు నెలలు పడుతుందని ఆ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. భర్త ఈసారి తన మూడు వేల నూరు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ చూస్తున్నది అది కాదు. ఈ నెలా పన్నెండు రాత్రులు ఓవర్‌టైమ్ చేసింది. ఒక్కో రాత్రికి ల్యాబ్ ఇచ్చేది రెండు వందలు. ఆ రాత్రి ఇద్దరికీ బయటి తిండి రెండు వందల నలభై, ఆటో అరవై. మూడు వందలు. ఇంట్లో వండుకున్నా కొంత అయ్యేదే, ఒప్పుకుందాం. అయినా ఒళ్లు గుల్ల చేసుకుని మిగుల్చుకున్నదేమిటి? కష్టపడితే డబ్బు వస్తుందని చిన్నప్పటి నుంచి మనకు నూరిపోస్తారు. ఏ కష్టానికి ఎంత పోతోందో కూడా చూసుకొమ్మని ఎవరూ చెప్పరు.

మర్నాడు ల్యాబ్ యజమాని గదిలోకి వెళ్లింది.

"సార్, ఇకనుంచి ఓవర్‌టైమ్ చెయ్యను."

"అదేంటమ్మా? నువ్వే కాదంటే ఎలా? ఇంకో యాభై వేస్తాలే."

"వద్దు సార్. ఇంకో మాట కూడా చెప్పాలి. మూడు నెలల్లో మానేస్తాను. సొంతంగా పెట్టుకుంటున్నా. మీ డాక్టర్ల దగ్గరికి వెళ్లను, కొత్తవాళ్లనే చూసుకుంటా. వెనక నుంచి తెలిసేకంటే నేనే చెప్పడం మంచిదని చెప్తున్నా."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గట్టిదానివే. రెండు నెలల్లో తిరిగొస్తావు, చూడు."

"వస్తాననుకుంటే బల్ల ఖాళీగా ఉంచండి సార్" అని నవ్వి వచ్చేసింది.

క్లినిక్కులు తెరిచి ఉండేది సాయంత్రాలే. ఇన్నాళ్లూ ఆ వేళల్లో ఆవిడ మైనం కరిగిస్తూ కూర్చునేది. ఇప్పుడు సంచిలో రెండు నమూనా సెట్లు వేసుకుని మెట్లెక్కింది. కొందరు కూర్చోమన్నారు, కొందరు కార్డు ఇచ్చి పొమ్మన్నారు. ఒక పడుచు డాక్టరు సెట్టును వెలుతురులో తిప్పి చూసి, కింది వరస ఎవరు పేర్చారని అడిగింది. మూడో నెల ముగిసేసరికి నలుగురు డెంటిస్టులు సరేనన్నారు. ఆ పడుచు డాక్టరు క్లినిక్ వెనకే ఒక గది చూపించింది. అద్దె అదే నాలుగు వేలు. కిటికీ ఉంది గానీ పక్కింటి గోడను చూస్తుంది. బయటి తిండి తగ్గాక నెల ఖర్చు దిగింది. బ్యాంకులోని డబ్బు ఇప్పుడు దాదాపు ఆరు నెలలకు వస్తుంది. పళ్లక్క అడ్వాన్సు ఇచ్చేసింది.

సొంత పని మొదలైన రెండో నెలలో ఒక సాయంత్రం భర్త గదికి వచ్చాడు. దీపం కింద ఆవిడ ఒక ముసలాయన పై వరస పేరుస్తోంది. ఆర్డర్లు వస్తున్నాయి, డబ్బులింకా రాలేదు. ఆయన కాసేపు గోడనానుకుని నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంకా ఎన్నాళ్లకున్నాయే?"

"నాలుగు నెలలకి. మీరివాళ తాగిన టీలు చెప్తే పైసలతో సహా చెప్తా."

"అరవై. మరి నీకు భయం వెయ్యట్లేదా?"

"వేస్తోంది. మాట్లాడించకండి, ముందు పన్ను వంకరొస్తోంది."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ వేడి చేసిన చాకు కొనతో మైనాన్ని కాస్త కరిగించి, పన్నును వెంట్రుకవాసి లోపలికి నెట్టి, అచ్చును ఎదురుగా పట్టుకుని చూసింది. బాగా లేదు. పీకేసి మళ్లీ మొదలుపెట్టింది.