దిబ్బ తవ్వినా కనిపించని సప్తర్షులు

అరబ్బు దేశపు ఎడారి క్యాంపులో టూరిస్టులకు చుక్కలు చూపించడం నా పని. లండన్ నుంచి వచ్చిన మా మేనేజరు, సప్తర్షి మండలం ఏడాదంతా కనిపిస్తుందని బ్రోచరులో అచ్చు వేయించాడు. లండన్‌లో నిజమే. అక్కడ ధ్రువనక్షత్రం చాలా ఎత్తున ఉంటుంది కనుక, దాని చుట్టూ తిరిగే సప్తర్షులు అస్తమించరు. ఇక్కడ, ఇంత దక్షిణానికి వచ్చాక ధ్రువుడు సగం ఎత్తుకు దిగిపోతాడు. నవంబరు సాయంత్రాల్లో సప్తర్షులు నేల కిందే ఉంటారు. ఎన్నిసార్లు చెప్పినా ఆ మొండివాడి చెవికెక్కలేదు.

"ఉత్తరాన ఉన్న ఆ ఇసుక దిబ్బే అడ్డం. యల్లా, త్వరగా తవ్వించు!" అని అతిథుల ముందే నా మీద అరిచాడు.

మర్నాడు జగిత్యాల నుంచి వచ్చిన డ్రైవరు జేసీబీతో దిబ్బను చదును చేశాడు. చీకటి పడ్డాక ఉత్తరం వైపు చూసి, "అన్నా, దిబ్బ ఖలాస్. చుక్కలేవి?" అన్నాడు.

నేను కాలితో నేలను తట్టి చూపించాను.

"అడ్డమున్నది దిబ్బ కాదురా తమ్మీ, భూమి. పోయి ఆయన్నే అడుగు, దాన్ని గూడ తవ్వమంటడేమో!"