పదహారో స్టడ్

నా వంట బాగాలేదంటే నవ్వి ఊరుకుంటాను. కట్టుకున్న చీర నప్పలేదన్నా పట్టించుకోను. లెక్క తప్పిందంటే మాత్రం నాకు ఒళ్ళు మండిపోతుంది. మొయినాబాద్‌లో ప్లైవుడ్, జిప్సం బోర్డులు అమ్మే దుకాణం కౌంటర్ మీద ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని. మేస్త్రీలు వచ్చి "అందాజగ ఏసియ్యక్కా" అంటే ఇచ్చేదాన్ని కాదు. గోడ పొడవెంత, ఎత్తెంత అని అడిగి, ఎన్ని కావాలో తేల్చి, అప్పుడే సామాను తీయించేదాన్ని. కొందరు విసుక్కునేవాళ్ళు. వాళ్ళే మళ్ళీ నా కౌంటర్ దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఊళ్ళోవాళ్ళందరి గోడలకూ లెక్క చెప్పి చెప్పి, ఆ గోడలేవో నేనే ఎందుకు కట్టించకూడదని ఒకరోజు అనిపించింది. దుకాణం మానేశాను. మా ఆయన "చూస్కో మరి" అన్నాడు. ఆయన భాషలో అది ఆశీర్వాదం కిందే లెక్క.

సొంతంగా నాకు దొరికిన మొదటి పని చేవెళ్లలో. రోడ్డు మీద ఒక పెద్ద రైతు కొత్త బిల్డింగు వేశాడు. పాత సర్పంచ్, తోటలున్నవాడు, మాటకు ఎదురులేనివాడు. కింద పెద్ద హాలు, దానికి రోడ్డు వైపు రెండు షట్టర్లు. ఒకవైపు రక్తపరీక్షల ల్యాబుకు, మరోవైపు బట్టల షాపుకు కిరాయికి ఇద్దామని మధ్యలో గోడ అడిగాడు. ఇటుకలంటే ఆలస్యం, పైగా రేపు ఎవరైనా మొత్తం హాలు కావాలంటే పగలగొట్టాలి. అందుకని బోర్డు గోడ. ఇది సరిగ్గా వస్తే పై అంతస్తు గదులన్నీ నాకే ఇస్తానన్నాడు. నాకు కావలసింది ఆ పై అంతస్తే. ఒక్క గోడతో ఎవరూ కాంట్రాక్టర్ అయిపోరు.

హాలు కొలిచాను. షట్టర్ వైపు గోడ నుంచి వెనక ఇటుక గోడ దాకా ముప్ఫై అడుగులు. పై స్లాబు దాకా పది అడుగులకు ఒక వేలెడు తక్కువ. సామాను ఆయనే కొంటాడు, పని నాది. ఏమేం కావాలో అక్కడే నిలబడి చెప్పాను. నేల మీద ఒక వరస, పైన స్లాబుకు ఒక వరస ట్రాకు, అంటే కాలువలా వంచిన ఇనుప పట్టీ, బిగించాలి. రెండూ కలిపి అరవై అడుగులు, పన్నెండు అడుగుల ముక్కలు ఐదు. ఆ రెండు ట్రాకుల మధ్య నిలువుగా నిలబెట్టే ఇనుప కడ్డీలే స్టడ్‌లు. బోర్డు వెడల్పు నాలుగడుగులు. రెండడుగులకొక స్టడ్ పెడితే ప్రతి బోర్డు అంచూ ఒక స్టడ్ నడుమ మీద పడుతుంది, బోర్డు కడుపులో ఇంకొకటి ఉంటుంది. అలా పదహారు స్టడ్‌లు. బోర్డు పది అడుగుల పొడవు కాబట్టి నిలువుగా ఒకటే సరిపోతుంది. ఒక్కో వైపుకు ఏడున్నర, రెండు వైపులకూ పదిహేను.

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. "జర ఆగు చెల్లె. ముప్ఫై అడుగులు. రెండడుగులకొకటి. పదిహేను అయితయ్. పదహారేంది?"

"మొదట్ల ఒకటి పెట్టాలె గదన్నా. సందులు పదిహేను, స్టడ్‌లు పదహారు."

"నీ పాత దుకాణమే గదా సామాను ఇచ్చేది," అన్నాడాయన, పక్కన చాయ్ తాగుతున్న ఇద్దరి వంక చూసి. "ఒకటి ఎక్కువ అమ్మిపిస్తే నీకేమన్న ముడుతదా ఏంది?"

వాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నోటికొచ్చింది అనేద్దామనిపించింది కానీ పై అంతస్తు గుర్తొచ్చి మింగేశాను. రైతుకు రైతు మాటలోనే చెబుదామనుకుని, "అన్నా, మీ తోట చుట్టూ రాతి కడీలు పాతిచ్చిన్రు గదా. సందులెన్ని, కడీలెన్ని? కడీలే ఒకటి ఎక్కువుంటయ్" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "ఎవలు చెప్పిన్రు నీకు? నేను దగ్గరుండి పాతిపిచ్చిన. సందులెన్నో కడీలు గన్నే. ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. నీ లెక్క నా తోటల పనిచెయ్యది, నా హాల్ల పనిచేస్తదా?"

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, కడీలు పాతించడం తెలియని మనిషి అంతకన్నా కాదు. ఇన్నేళ్ళూ దుకాణంలో నేను అందరికీ ఒకటి ఎక్కువే ఇచ్చానా? నా వెంట తెచ్చుకున్న మేస్త్రీ చేతిలోని సుద్దముక్క తీసుకుని నేల మీద ఆయన తోటను గీశాను. నాలుగు మూలలు, మధ్యలో చుక్కలు. కడీలు లెక్కపెట్టాను, సందులు లెక్కపెట్టాను. సమానమే! పక్కనే ఒక తిన్నని గీత గీసి దాని మీద చుక్కలు పెట్టాను. చుక్కలే ఒకటి ఎక్కువ. అప్పుడు వెలిగింది నాకు.

"మీరన్నది నిజమే అన్నా. మీ కంచె చుట్టు తిరిగొచ్చి మళ్ల మొదటి కడీకే కలుస్తది. అందుకే ఆ ఒక్కటి మిగుల్తది మీకు. నా గోడ తిరిగి రాదు. ఈడ మొదలై ఆడ ఆగిపోతది. ఆ చివర పట్టుకునేటందుకు దానికి ఇంకొకటి కావాలె."

ఆయన గీతల వంక చాలాసేపు చూశాడు. ఒప్పుకున్నట్టు లేదు, కాదన్నట్టూ లేదు. "మాటలు మంచిగనే ఉన్నయ్. సరే, పదహారే తెప్పిస్త. గోడ అయినంక ఒక్క స్టడ్ మిగిలినా, ఒక్క బోర్డు మిగిలినా, పై అంతస్తు గండిపేటల ఉన్న ఇంకో కాంట్రాక్టర్‌కు ఇస్త. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంటున్న" అన్నాను. నా కోపమే ఒప్పుకుంది, నేను కాదు.

సామాను దిగింది. మేస్త్రీ, అతనికి సాయంగా ఇంకొకతను. ట్రాకులు పరిచారు, నాలుగు నిండు ముక్కలు, ఐదోదాన్ని సగానికి కోసి కింద ఒకటి, పైన ఒకటి. దారం కొట్టి సుద్దతో రెండేసి అడుగులకు గుర్తులు పెట్టించాను. బోర్డుల అతుకులు రెండు వైపులా ఒకే స్టడ్ మీద పడకూడదు. అందుకని ల్యాబు వైపు నిండు బోర్డుతో మొదలుపెట్టి చివర సగం ముక్క, బట్టల షాపు వైపు సగం ముక్కతో మొదలుపెట్టి చివర నిండు బోర్డు వేయమన్నాను. ఒకే బోర్డును నిలువుగా కోస్తే ఆ రెండు సగాలూ వస్తాయి. అంతా అరటిపండు వలిచినట్టు చెప్పి, ఇంకో ఇల్లు చూడమని పిలుపొస్తే మొయినాబాద్ వెళ్ళాను. పని వచ్చిందన్న సంబరంలో ఇంకేమీ తోచలేదు.

తిరిగొచ్చేసరికి రెండు వైపులా బోర్డులు ఎక్కేశాయి. గోడ తెల్లగా, నిటారుగా నిలబడి ఉంది. దాని పక్కన, ఇటుక గోడకు ఆనించి, ఒక స్టడ్.

ఆయన కుర్చీ వేసుకుని ఆ స్టడ్ పక్కనే కూర్చున్నాడు. మీసం మీద చెయ్యేసి ఉంది. "పదిహేను సరిపోయినయ్ చెల్లె" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే నన్ను ఎక్కువ కాల్చింది.

పై అంతస్తు పోయింది, మొదటి పనితోనే పేరు పోయింది, రేపు దుకాణానికి పోయి మళ్ళీ కౌంటర్ అడుక్కోవాలి. అంతా కళ్ళ ముందు కనిపించింది. కానీ దాని వెనకే కోపం కూడా వచ్చింది. బోర్డు ఒక్కటీ మిగల్లేదు. ట్రాకు జానెడు మిగల్లేదు. మిగతావన్నీ సరిపోయి, స్టడ్ ఒక్కటే ఎలా తప్పుతుంది? తప్పింది నా లెక్క కాదు. ఈ గోడలో ఎక్కడో ఒకటి తక్కువుంది.

ల్యాబు వైపు, షట్టర్ దగ్గర నుంచి మొదలుపెట్టాను. ప్రతి అతుకు దగ్గరా అరచేత్తో గట్టిగా నొక్కుతూ నడిచాను. కదల్లేదు. బోర్డుల నడుమ కూడా నొక్కాను, రాయిలా ఉన్నాయి. ఆయన కుర్చీలోంచే మెడ తిప్పుతూ నన్నే చూస్తున్నాడు. చివరి ముక్క దాకా వచ్చి, ఇటుక గోడను తాకే అంచు మీద చెయ్యి పెట్టి నొక్కాను.

లోపలికి పోయింది. చెయ్యి తీస్తే మళ్ళీ బయటికొచ్చింది.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం నా పెళ్ళిరోజు కూడా కలగలేదు. మా ఆయన ఇది చదివితే చదవనీ.

"మేస్త్రీ! ఈ చివర స్టడ్ ఏది?"

అతను తల గోక్కున్నాడు. "ఇటుక గోడ ఉన్నది గదక్కా. అదే పట్టుకుంటదని ఇడిసిపెట్టిన. కింద, మీద ట్రాకుకు స్క్రూలు కొట్టిన."

"అన్నా, జర ఇటు రండి. మీరే నొక్కి చూడుండ్రి" అన్నాను.

ఆయన లేచి వచ్చాడు. మొదట వేలితో నొక్కాడు, తర్వాత అరచేత్తో. అంచు లోపలికి వెళ్ళి, టప్‌మని వెనక్కొచ్చింది. మళ్ళీ నొక్కాడు. మూడోసారి కూడా నొక్కాడు, పిల్లాడికి ఆటవస్తువు దొరికినట్టు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, నేను తిట్టాలనుకున్న తిట్లన్నీ నాకన్నా బాగా తిట్టాడు.

ల్యాబు వైపు చివర సగం ముక్కే ఉంది కాబట్టి విప్పడం తేలికయింది. స్క్రూలు తీసి ముక్కను పక్కన పెట్టారు. మిగిలిన స్టడ్‌ను ట్రాకుల మధ్య ఏటవాలుగా దూర్చి నిటారుగా తిప్పితే, ఇటుక గోడకు అతుక్కుని కూర్చుంది. గోడకు బిగించారు. అటువైపు నిండు బోర్డునూ, ఇటువైపు సగం ముక్కనూ దానికి స్క్రూలు కొట్టారు. ఈసారి ఆయన భుజంతో నెట్టి చూశాడు. గోడ ఊ అనలేదు, ఆ అనలేదు.

తర్వాత అతుకులు. వైపుకు ఏడు, మొత్తం పద్నాలుగు. ఒక్కోటి పది అడుగులు. నూట నలభై అడుగుల కాగితం టేపు. అతుకులో పేస్టు పూసి, దాని మీద టేపు పరిచి, బుడగ లేకుండా నొక్కి, మళ్ళీ పైన పేస్టు. పద్నాలుగో అతుకు అయ్యాక మేస్త్రీ చేతిలో ఇంకా కొంత టేపు చుట్ట ఉంది.

"అగో, టేపు మిగిలింది" అన్నాడాయన. కళ్ళు నవ్వుతున్నాయి.

"టేపు రోలు లెక్కన్నే అమ్ముతరన్నా. మీ మాటల్ల టేపు లేకుండె. స్టడ్, బోర్డు అన్నరు."

"నీతోని గెలుసుడు కష్టమున్నది" అని ఆయన గట్టిగా నవ్వేశాడు. చాయ్ తాగే ఆ ఇద్దరూ మళ్ళీ నవ్వారు. ఈసారి నా పక్షాన. నేనైతే దాచుకోలేదు, పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. గెలిచినప్పుడు తల వంచుకోవడం నాకు చేతకాదు.

"పా, పైన కొలుద్దం" అన్నాడు.

మెట్లెక్కాం. మొదటి గదికి గోడ ఎక్కడ రావాలో కాలితో గీసి చూపించాడు. కొలిచే టేపు ఒక చివర ఆయనే పట్టుకుని గోడకు ఆనించాడు. నేను రెండో చివర లాక్కుంటూ అవతలి గోడ దాకా నడిచాను.

"ఇరవై అడుగులు" అన్నాను.

లెక్క చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే ఆయన అక్కడి నుంచి కేకేశాడు.

"పదకొండు!"

"మీకెట్ల తెలిసింది?" అన్నాను, కావాలనే.

"గీ మాత్రం తెల్వదా?" అన్నాడాయన.