నోట్‌బుక్‌లో లేని దారి

ఫోన్‌లో ఏ పనికి ఏది నొక్కాలో ఒక నోట్‌బుక్‌లో వరుస నంబర్లతో రాసుకోవడం ఉద్యోగ కాలం నుంచీ నాకున్న అలవాటు. భాష మార్చే పద్ధతి పదకొండవ పేజీలో ఉంది: సెట్టింగ్స్, సిస్టమ్, లాంగ్వేజెస్. ఒక సాయంత్రం ఆ పేజీ చూస్తూనే తెలుగు చేర్చబోయి, దాని కిందనున్న ఒడియాను తాకాను. మార్చమంటారా అని ఫోన్ అడిగితే, చదవకుండానే సరేనన్నాను.

మరునాడు ఉదయం పది గంటల లోపు నా భార్య మోకాళ్ల వైద్యానికి విజయనగరం ఆసుపత్రి యాప్‌లో వస్తున్నామని ఖాయం చేయాలి. లేకపోతే ఆ సమయం మరొకరికి పోతుంది. యాప్ తెరిస్తే అదీ ఒడియాలోనే ఉంది. రెండు మీటలు. ఏది ఖాయమో, ఏది రద్దో తెలియదు.

నోట్‌బుక్ తీశాను. నేను రాసుకున్న ఒక్క మాటా తెర మీద లేదు. మా ఆమదాలవలసలో సెల్లు షాపు పదకొండు దాటితే గాని తెరవరు. గోడ పక్కింటి బావమరిదికి చూపిస్తే నవ్వాడు.

"ఏటి బావా, నీ ఫోను సెప్పకుండా ఒడిస్సా ఎల్లిపోనాదా?"

కోపంతో ఇంటికొచ్చి, మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటే తెరిచి మూశాను. గంటన్నర గడిచింది.

పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా భార్య అప్పుడంది: "ఆ పళ్లున్న సెక్రం బొమ్మ నొక్కండి. అడుక్కంటా దించండి. నిన్న మీరు నా పక్కనే కూకుని సేసారు కదా. కింద నుంచి మూడోది. ఇప్పుడు బూగోళం బొమ్మ."

భాషల వరుస వచ్చింది. పైన ఒడియా, కింద ఇంగ్లీషు. దాని పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంది. పక్కనున్న గీతలు పట్టుకుని దాన్ని పైకి లాగాను. మార్చమంటారా అన్నట్టు ఫోన్ మళ్లీ రెండు ఒడియా మీటలు చూపించింది.

"కుడేపుది. నిన్నా అదే నొక్కారు."

తెరంతా ఇంగ్లీషైంది.

"నీకెలా తెలిసింది? నీకు చదువు రాదు కదా!"

ఆ మాట నలభై ఏళ్లుగా అంటూనే ఉన్నాను. ఆమె తలెత్తలేదు.

"ఏ బాసైనా నాకు ఇలాగే ఉంటాది. బొమ్మలే సూస్తాను. నన్నడిగితే పొద్దున్నే సెప్పీదాన్ని."

యాప్ తెరిచాను. పది దాటి పన్నెండు నిమిషాలు. మా సమయం వేరొకరికి వెళ్లిపోయిందని ఇంగ్లీషులో శుభ్రంగా రాసి ఉంది. మళ్లీ ఖాళీ వచ్చే నెల.

చదివి వినిపించాను. ఆమె గోడ పట్టుకుని, రెండుసార్లు ఆగి లేచి, చిక్కుళ్ల గిన్నెతో వంటింట్లోకి వెళ్లింది.

పదకొండవ పేజీ కొట్టేసి, ఖాళీ పేజీలో పళ్లచక్రం, భూగోళం గీశాను. భూగోళం సరిగా రాలేదు.