అమలమ్మ తీసేసిన స్పేసులు

అమలమ్మ ఎనిమిదేళ్లపాటు గవర్నర్‌పేటలో ఓ ప్రెస్సు వెనకగదిలో ఫారాలు మడిచి, మైదా జిగురు పూసింది. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుంటుంటే తను మాత్రం అచ్చక్షరాల అరలుండే టైపు కేసుల ముందు నిలబడి, తిరగేసి ఉండే సీసపు అక్షరాలు చదవడం నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. అడిగితే నవ్వేవాళ్లు. అలాంటి మనిషి పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఒకరోజు, "నేను కంపోజింగ్ చేస్తానండీ" అని ఓనరు బసవపున్నయ్యని మొహమాటం లేకుండా అడిగేసింది. ఆ ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

"వారం చూస్తాను. కుదరకపోతే మళ్లీ జిగురు గిన్నె దగ్గరికే," అన్నాడాయన.

ఏడో రోజున చర్చి స్వర్ణోత్సవం కార్డు వచ్చింది. పైన ఇంగ్లీషు హెడ్డింగు, కింద తెలుగులో 'స్వర్ణోత్సవం' అని. బసవపున్నయ్య మద్రాసులో ఇంగ్లీషు కంపోజింగ్ నేర్చినవాడు. క్యాపిటల్ అక్షరాలు దేనికది విడిగా నిలబడేవి. వాటి మధ్య ఖాళీ కోసం సన్నటి స్పేసు బిళ్లలు వేస్తే ఇరుకు తగ్గి, హెడ్డింగుకి హుందాతనం వస్తుందని ఆయనకి బాగా తెలుసు.

"తెలుగు లైన్లోనూ ప్రతి ముక్క మధ్యా స్పేసు వెయ్యి. రెండూ ఒకే వెడల్పుండాలి," అని చెప్పి బయటికెళ్లాడు.

అమలమ్మ చెప్పినట్టే పేర్చి ప్రూఫు తీసింది. చూసుకుంటే మాట ముక్కలైపోయింది. తెలుగు టైపులో వత్తు కూడా ఓ విడి ముక్కే. 'స' పక్కన 'వ' వత్తు ఆనుకుని ఉంటేనే 'స్వ' అవుతుంది. మధ్యలో బిళ్ల దూరేసరికి 'స' ఓ చోట, వత్తు ఓ చోట. 'త్స' గతీ అంతే. చెప్పిన మాట వింటే కార్డు పాడు, వినకపోతే వెనకగది. చివరికి బిళ్లలన్నీ ఏరేసి, అదే మాట ఇంకో సైజు పెద్ద టైపులో పేర్చింది. రెండో ప్రూఫు తీసి, రెంటినీ ఓనరు బల్లమీద పెట్టింది.

ఆయన తిరిగొచ్చేసరికి చర్చి పెద్ద సంజీవరావుగారు కూడా వచ్చారు. సంజీవరావుగారు మొదటి ప్రూఫు అందుకుని కళ్లజోడు సవరించుకున్నారు.

"బసవపున్నయ్యగారూ, ఈ వత్తులు ఎవరివండీ?"

బసవపున్నయ్య ముఖం ఎర్రబడింది. "ఏమ్మా, ఏంటిది?"

"అది మీరు చెప్పిందేనండి. రెండోది నేను చేసింది." అమలమ్మ మాట తడబడలేదు. "ఇంగ్లీషు అక్షరం ఒంటిగా నిలబడుద్దండి. మనది వత్తుతో కలిస్తేనే అక్షరం. మధ్యలో స్పేసు వేస్తే విరిగిపోద్ది. వెడల్పు కావాలంటే టైపు పెద్దది వేసుకోవాలండి."

బసవపున్నయ్య రెండు ప్రూఫులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. కస్టమరు ఎదురుగా తప్పు ఒప్పుకోవడం ఏ ఓనరుకీ తేలిక కాదు. ఆయన ఒప్పుకున్నాడు.

"ఇన్నేళ్లయినా నాకు తట్టలేదండీ సంజీవరావుగారూ. రెండోదే కొడతాం," అని అమలమ్మ వైపు తిరిగాడు. "రేపట్నుంచి కిటికీ పక్క కేసు నీది."

అమలమ్మ తలూపింది. వెనకగదిలోకి వెళ్లి, జిగురు గిన్నె శుభ్రంగా కడిగి, బోర్లించి వచ్చింది.